మా బావనే పెళ్లి చేసుకున్నానని కెనడా ఆఫీసర్‌కి ఎలా రాశాను

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా అమ్మ పుట్టిల్లు అటువైపే, టెక్కలి దగ్గర. నా భర్త మా సొంత మావయ్య కొడుకు. 2017లో చదువుకోడానికి కెనడా వెళ్లాడు, 2021లో పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు వచ్చింది, ఇప్పుడు విన్నిపెగ్‌లో ఉద్యోగం. 2023 మాఘమాసంలో మా పెళ్లి పర్లాకిమిడిలోనే జరిగింది. ఆ తర్వాత బావ నన్ను స్పాన్సర్ చేస్తూ దరఖాస్తు పెట్టాడు.

ఫారాలు చాలా ఉంటాయి కానీ వాటిని నింపడం ఓపికకు సంబంధించిన పని. నాకు నిజంగా ఎక్కువ సమయం పట్టింది మాత్రం ఒక ఉత్తరం దగ్గర. మా పెళ్లి నిజమైనదేనని నేను సొంతంగా రాసి జతచేసిన రెండు పేజీల ఉత్తరం అది. IMM 5532 అనే ఫారంలో ఎలా కలిశారు, పెళ్లి ఎలా కుదిరింది, ఎవరెవరు వచ్చారు అని అడుగుతారు. కానీ ఆ ఖాళీల్లో మాలాంటి పెళ్లి కథ పట్టదు. మేనరికం చేసుకుని విదేశానికి స్పాన్సర్‌షిప్ పెట్టేవాళ్లు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు కాబట్టి, ఏ విషయం ఎందుకు రాశానో వివరంగా చెబుతున్నాను.

ముందు వాళ్లు ఏం చూస్తారో తెలియాలి. కెనడా ఇమిగ్రేషన్ నిబంధనల్లో నాలుగోది ఈ సంగతి గురించే. అందులో రెండు ప్రశ్నలున్నాయి. పెళ్లి చేసుకున్న రోజున దాని ముఖ్య ఉద్దేశం వీసా సంపాదించడమేనా అన్నది ఒకటి. ఇవాళ ఆ కాపురం నిజంగా నడుస్తోందా అన్నది రెండోది. 2010 నుంచి ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలో తేడా ఉందనుకున్నా దరఖాస్తు తిరస్కరించవచ్చు. చాలామంది రెండో దానికి మాత్రమే ఫోటోలు, చాట్‌లు గుట్టగా పెట్టేసి ఊరుకుంటారు. మొదటిది పెళ్లిరోజు నాటి మనసు గురించిన ప్రశ్న. దానికి పెళ్లి తర్వాత తీసుకున్న ఫోటోలు ఎన్ని పెట్టినా పూర్తి జవాబు కాదు. పెళ్లికి ముందు ఏం జరిగిందో చూపించాలి.

ఇవి కాక ఇంకొకటి ఉంది. పెళ్లి ఎక్కడ జరిగిందో అక్కడి చట్టం ప్రకారం కూడా చెల్లాలి, కెనడా చట్టం ప్రకారం కూడా చెల్లాలి. అసలు చిక్కు మాకు ఇక్కడే వచ్చింది.

మొదట ఊళ్లో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. ఆయన దగ్గర ఉత్తరం రెడీగా ఉంది, పేర్లు మారిస్తే చాలు. అందులో మేమిద్దరం ఒక బంధువుల పెళ్లిలో మొదటిసారి కలుసుకున్నామని, ఒకరికొకరు నచ్చామని, తర్వాత పెద్దలకు చెప్పామని ఉంది. నేను మేనరికం అని చెబితే, "అది రాయకండమ్మా, అక్కడివాళ్లకి కజిన్ అంటే తేడాగా ఉంటుంది, అనవసరంగా అనుమానం వస్తుంది" అన్నాడు. ఆయన చెడుద్దేశంతో అన్లేదు, కానీ నాకు భయం వేసింది. మా బావని నేను ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను. పెళ్లిలో మొదటిసారి కలిశామని సంతకం పెడితే అది అబద్ధం. కెనడా చట్టంలో దరఖాస్తులో ముఖ్యమైన విషయం దాచినా, అబద్ధం చెప్పినా అయిదేళ్ల పాటు నిషేధం పెట్టొచ్చు. పైగా ఒక్క ఇంటర్వ్యూలో మా అమ్మ ఇంటిపేరు పుట్టింట్లో ఏమిటని అడిగితే చాలు, మొత్తం బయటపడుతుంది. నేనే రాస్తానని చెప్పి వచ్చేశాం.

అయితే ఏజెంటు చెప్పిన దాంట్లో ఒక మాట మాత్రం నిజం. బయటివాళ్లకి మేనరికం అర్థం కాదు. ఆ సంగతి నేను కెనడాలో కాదు, మన దగ్గరే పెళ్లి రిజిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు చూశాను. ఒడియా కుటుంబాల్లో మేనమామ కొడుకుని అన్నయ్యగానే చూస్తారు. కాగితాలు చూస్తున్న గుమస్తా అమ్మ వైపు తిరిగి, "వీళ్లిద్దరూ భాయీ-భవుణీ కదా, ఎలా రాయమంటారు?" అని మర్యాదగానే అడిగాడు. పక్కన ఉన్న తెలుగాయన నవ్వుతూ, "మా వాళ్లలో ఇది మామూలే బాబూ" అన్నాడు. గుమస్తాకి ఆ మాట తెలుసు, ఈ ఊళ్లో పుట్టినవాడే. కానీ ఆయనకు కావాల్సింది కాగితం.

తర్వాత మా నాన్న తెలిసిన వకీలు దగ్గర చట్టం చూపించారు. హిందూ వివాహ చట్టం, 1955లో నిషిద్ధ సంబంధాల జాబితా ఉంది. అన్నాచెల్లెళ్ల పిల్లలు, అంటే సరిగ్గా మా అమ్మ, మావయ్యల పిల్లలమైన మేము, ఆ జాబితాలో ఉన్నాం. కానీ సెక్షన్ 5లోని నాలుగో క్లాజులో ఒక మినహాయింపు ఉంది. ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. ఇద్దరిదీ అన్నమాట ముఖ్యం. ఒక్కవైపు ఆచారం ఉంటే సరిపోదు. మినహాయింపు లేకపోతే ఆ పెళ్లి అసలు పెళ్లే కాదు, సెక్షన్ 11 ప్రకారం చెల్లదు. మనకి ఇదంతా తాతల కాలం నుంచి నడుస్తున్నదే కాబట్టి ఎవరూ చట్టం తెరిచి చూడరు. ఢిల్లీలో కూర్చున్న కెనడా ఆఫీసర్ తెరిచి చూడొచ్చు. జాబితా వరకు చదివి ఆపేస్తే మా పని అయిపోయినట్టే.

కెనడా వైపు ఇబ్బంది లేదు. అక్కడి నిషిద్ధ సంబంధాల చట్టం తల్లిదండ్రులు-పిల్లలు, తాతలు-మనవలు, తోబుట్టువుల మధ్యనే పెళ్లిని ఆపుతుంది. కజిన్స్ అందులో లేరు.

కాబట్టి ఉత్తరంలో రెండో పేరాలోనే ఈ విషయం పెట్టాను. దాచలేదు, సంజాయిషీలా కూడా రాయలేదు. ఇంగ్లీషులో రాసినదే అయినా, తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది: "నా భర్త మా అమ్మకు స్వయానా అన్నయ్య కొడుకు. తెలుగు కుటుంబాల్లో మేనమామ పిల్లల్ని, మేనత్త పిల్లల్ని పెళ్లి చేసుకోవడం పాత ఆచారం. బాబాయి, పెదనాన్న, పిన్ని, పెద్దమ్మల పిల్లలు మాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లను పెళ్లి చేసుకోవడం నిషిద్ధం. మా ఇద్దరి కుటుంబాల్లో ఈ ఆచారం ఉందని చూపే ప్రమాణపత్రాలు జత చేశాను. హిందూ వివాహ చట్టం సెక్షన్ 5, నాలుగో క్లాజు ఇలాంటి పెళ్లిని అనుమతిస్తుంది." అంతే, ఆరు వాక్యాలు.

జతచేసినవి మూడు. మా కులపెద్ద ఒకరు, పెళ్లి చేయించిన పురోహితుడు ఒకరు నోటరీ దగ్గర ఇచ్చిన అఫిడవిట్లు. ఆ సెక్షన్ ఉన్న చట్టం పేజీ. ఇంకా ఒక వంశవృక్షం. వంశవృక్షం నేనే ఏ4 కాగితం మీద గీశాను. పైన ముత్తాతలు, కింద తాత, అమ్మమ్మ, ఆ కింద అమ్మ, మావయ్య, చివర మేమిద్దరం. ఎవరెవరు మేనరికం చేసుకున్నారో ఆ జంటల మధ్య ఎరుపు పెన్నుతో రెండు గీతలు పెట్టాను. అమ్మమ్మ, తాతలది మేనరికమే, మా పెద్దమ్మదీ మేనరికమే. మావయ్య కూడా మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. ఎరుపు గీతలు తరానికొకటి చొప్పున కనిపిస్తుంటే ఆచారం అన్నది వేరే చెప్పక్కర్లేదు. అఫిడవిట్ల కంటే ఆ ఒక్క పేజీయే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

"మొదటిసారి ఎప్పుడు కలిశారు" అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. నాకు గుర్తున్న మొదటి సందర్భం ఏదో తేదీతో రాయడం కుదరదు. అందుకని ప్రతి వేసవి సెలవులకీ అమ్మమ్మగారింటికి వెళ్లేదాన్నని, అక్కడ కలిసి పెరిగామని రాసి, చిన్నప్పటి ఒక ఫోటో పెట్టాను. పరిచయానికీ పెళ్లి సంబంధానికీ తేడా ఉంది కదా, రెండోదానికి మాత్రం కచ్చితమైన తేదీ ఇచ్చాను. 2016లో నిశ్చయ తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఈ 2016 అన్నదే మా ఉత్తరానికి వెన్నెముక. చిన్నప్పుడే ఇచ్చిన మాట ఉందని అమ్మ రాయమంది. అది నిజమే కానీ మాటకి రుజువు ఉండదు. తాంబూలాలకి ఉంది. పురోహితుడు పసుపు రాసి ఇచ్చిన కాగితం ఉంది, తారీఖు పడిన స్టూడియో ఫోటోలు ఉన్నాయి. అప్పటికి బావకి పాస్‌పోర్టు కూడా లేదు. పాస్‌పోర్టు మీద జారీ చేసిన తేదీ 2017. ఈ రెండూ పక్కపక్కన పెడితే, పెళ్లి ఉద్దేశం కెనడా అనడానికి వీల్లేదు. కెనడా అనే ఆలోచనే తర్వాత వచ్చింది. ఆ రెండు కాగితాల ఫోటోకాపీలు ఒకే పేజీ మీద వచ్చేలా చేసి, కింద ఒక్క లైను రాశాను.

దాంతో ఇంకో ప్రశ్న పుడుతుంది. 2016లో కుదిరితే 2023 దాకా ఎందుకు ఆగారు? ఆఫీసర్ అడక్కముందే చెప్పడం మంచిది. నా డిగ్రీ, బీఈడీ అయ్యేదాకా ఆగాలని నాన్న పట్టుబట్టారు. తర్వాత కోవిడ్. ఆ తర్వాత తాతయ్య పోయారు, ఆ ఏడాది శుభకార్యం చేయలేదు. బీఈడీ సర్టిఫికెట్, తాతయ్య మరణ ధ్రువపత్రం పెట్టాను. ఇంకొక సంగతి కూడా రాశాను. బావ పీఆర్‌కి దరఖాస్తు పెట్టినప్పుడు పెళ్లికానివాడినని రాశాడు. అది నిజం. తాంబూలాలు పెళ్లి కాదు, అప్పటికి మేం కలిసి ఉండలేదు కూడా. ఇది తప్పకుండా స్పష్టం చేయాలి. పీఆర్ సమయంలో భార్యను చూపించకపోతే తర్వాత ఆమెను స్పాన్సర్ చేయడం చాలా కష్టమవుతుంది. 2016 ఫోటోల్లో దండలు కనిపిస్తున్నాయి, పట్టుచీర కనిపిస్తోంది. తెలియనివాళ్లు అదే పెళ్లి అనుకోగలరు. అందుకని ఫోటో వెనకే కాదు, ఉత్తరంలో కూడా "ఇది నిశ్చితార్థం, ఇందులో మంగళసూత్రం లేదు" అని రాశాను.

పెళ్లి తేదీ దగ్గర వచ్చిన తిరకాసు ఇంకా విచిత్రమైనది. మా ముహూర్తం రాత్రి 1.40, వృశ్చిక లగ్నం. శుభలేఖలో తెలుగు వైపు "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని ఉంది. మనకి సూర్యోదయం దాకా బుధవారమే. ఇంగ్లీషు వైపు బుధవారం తేదీ మాత్రమే వేశారు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో గురువారం తేదీ ఉంది, గడియారం ప్రకారం అదే సరైనది. బావ తన ఫారంలో శుభలేఖ చూసి బుధవారం నింపాడు, నేను సర్టిఫికెట్ చూసి గురువారం నింపాను. పంపకముందు ఇద్దరి కాగితాలూ వరసగా పెట్టి చదువుతుంటే కనబడింది. భార్యాభర్తలు పెళ్లిరోజే వేర్వేరుగా రాస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఊహించుకోండి. నాకు ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఫారాలన్నిటిలో సర్టిఫికెట్ తేదీకే మార్చాం. శుభలేఖ మార్చలేం కాబట్టి ఉత్తరంలో ఒక చిన్న పేరా రాశాను. తెలుగు పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుందని, ముహూర్తం అర్ధరాత్రి దాటాక వచ్చింది కాబట్టి శుభలేఖలో ముందురోజు తేదీ ఉందని, పెళ్లికూతుర్ని చేసిన ఫోటోల మీద బుధవారం, తలంబ్రాల ఫోటోల మీద గురువారం కనబడటానికి కారణం అదేనని రాశాను. తెలుగువాళ్ల పెళ్లిళ్లు సగం రాత్రిపూటే అవుతాయి. మీ శుభలేఖ, సర్టిఫికెట్ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పేర్ల గొడవ కూడా కొంత ఉంది. ఒడిశా స్కూల్లో చదివిన మాకు పేరులో 'వ' ఉంటే ఇంగ్లీషులో 'బి' పడుతుంది. ఇంటిపేరు ఒక దాంట్లో ముందు, ఒక దాంట్లో వెనక. రెండూ ఒకరేనని ఒక అఫిడవిట్ చేయించి పెట్టాను, ఉత్తరంలో దాని గురించి ఒక్క వాక్యం కంటే ఎక్కువ రాయలేదు.

తర్వాత ఫోటోలు, చాట్‌లు. వీటికి పరిమితి ఉంది. ఫోటోలు ఇరవై, మాట్లాడుకున్న రుజువులు పది పేజీలు. మా ఆల్బమ్‌లో వందల ఫోటోలున్నాయి, చాలావరకు మేమిద్దరమే నిలబడి ఉన్నవి. వాటిని పక్కన పెట్టి, రెండు కుటుంబాలూ కనబడేవి ఏరాను. మా మావయ్య కన్యాదానానికి ఎదురుగా కూర్చుని కాళ్లు కడిగించుకుంటున్న కొడుకుని చూస్తున్న ఫోటో ఒకటి. అందులో ఆయన వరుడి తండ్రి, నాకు మేనమామ కూడా. ప్రతి ఫోటో కింద తేదీ, ఊరు, ఎవరు ఎవరికి ఏమవుతారో రాశాను.

చాట్‌ల విషయంలో మా వదిన ప్రేమగా మాట్లాడుకున్నవి పెట్టమంది. నేను అవి పెట్టలేదు. సిగ్గు ఒక కారణం. అంతకంటే, ఆ మాటలు ఎవరైనా రాయగలరు. కాపురం కనబడేది వేరే చోట. నాన్నకి కంటిశుక్లం ఆపరేషన్ అయిన రోజు నేను మందుల చీటీ ఫోటో పంపితే, బావ "మూడో చుక్కలమందు ఎన్నిపూటలు? మొన్న రెండే అన్నారు కదా" అని అడిగాడు. అది పెట్టాను. విన్నిపెగ్‌లో ఒక్కగది ఇంటి నుంచి వంటగది ఉన్న ఇంటికి మారుతూ గ్యాస్ పొయ్యి ఫోటోలు పంపి ఏది కావాలని అడిగిన పేజీ పెట్టాను. తన కంపెనీ బీమాలో నామినీగా నా పేరు మార్పించి పంపిన స్క్రీన్‌షాట్ పెట్టాను. పది పేజీలు పెళ్లి నుంచి దరఖాస్తు దాకా నెలలు విడిచి విడిచి ఉండేలా చూసుకున్నాను. ఒకే వారంలోవి అన్నీ పెడితే దరఖాస్తు కోసం మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

మేం మాట్లాడుకునేది తెలుగే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తాం. నా వైపు మధ్యలో ఒడియా ముక్కలూ దొర్లుతాయి. అక్షరాలు ఇంగ్లీషువి అయినంత మాత్రాన అనువాదం అక్కర్లేదని అనుకోవద్దు, కావాలి. అనువాదం చేసేవాళ్లు కుటుంబ సభ్యులు కాకూడదు. అనువాదకుడి అఫిడవిట్, మూలం కాపీ కలిపి పెట్టాలి. మా అన్నయ్యకి ఇంగ్లీషు బాగా వచ్చినా అందుకే అడగలేదు, విశాఖలో చేయించాం.

బావ తన ఉత్తరం తను రాశాడు. ఒకరిది చూసి ఒకరం రాయలేదు. పంపేముందు తేదీలు, ఊళ్లు, బంధుత్వాలు మాత్రం సరిచూసుకున్నాం. మాటలు తేడాగానే ఉంచేశాం. 2016 తాంబూలాల గురించి నేను నాన్న షరతు రాస్తే, తను అప్పట్లో ఉద్యోగం లేక పడిన అవమానం రాశాడు. నాకు అది అప్పుడే తెలిసింది.

దరఖాస్తు వెళ్లాక వచ్చిన అదనపు ప్రశ్న మేనరికం గురించి కాదు, తేదీ గురించీ కాదు. ఇటీవల కలిసి ఉన్న రుజువులు పంపమన్నారు. అప్పటికి బావ 2024 దసరాకి వచ్చి వెళ్లాడు. పాస్‌పోర్టు స్టాంపులు, బోర్డింగ్ పాసులు, కాగితాల మీద ఇద్దరి పేర్లూ ఉన్న అరకు ప్రయాణం బిల్లు, వాటికి తోడు అర పేజీ ఉత్తరం పంపాను. ఆ తర్వాత వీసా వేయడానికి పాస్‌పోర్టు పంపమని మెయిల్ వచ్చింది.

ఇప్పుడు కాశీనగర్ నుంచి మా దూరపు చుట్టం ఒకమ్మాయి నా ఉత్తరం కాపీ అడుగుతోంది. తనది కూడా మేనరికమే. అఫిడవిట్ల నమూనా, చట్టం పేజీ, వంశవృక్షం గీసే పద్ధతి అన్నీ ఇచ్చాను. ఉత్తరం మాత్రం తననే రాసుకోమన్నాను. తన సంబంధం కుదిరేనాటికే అబ్బాయికి పీఆర్ ఉంది. నా 2016 లాంటి తేదీ తనకి లేదు. కాబట్టి తను చెప్పాల్సింది వేరే. అంతకుముందు వచ్చిన సంబంధాలు ఏవి, అవి ఎందుకు వద్దనుకున్నారు, పలాసలో చూసిన ఇంజనీరుని కాదని ఈ బావకే ఎందుకు ఇచ్చారు అన్నవి వాళ్లమ్మ దగ్గర కూర్చుని అడిగి, ఆ సంబంధాల కాగితాలు, జాతకాలు ఇంట్లో ఇంకా ఉన్నాయేమో వెతకమన్నాను.